28వ రోజు తర్వాత బాధ్యత ఎవరిది?

పెరటి కోళ్ల పంపిణీ పథకాలు నడుపుతున్న అధికారులకు, ఆ పథకాలకు పిల్లలను పెంచి అందిస్తున్న మదర్ యూనిట్ల నిర్వాహకులకు,



కిందటి వానాకాలం మీరిచ్చిన కోడిపిల్లలు ఒక ఊళ్లో మూడు వారాలు తిరక్కముందే నెత్తురు విరేచనాలతో చనిపోయాయి. దాని మీద మీ కార్యాలయాల్లో ఒకటి రాసిన నివేదిక చదివాను. మరణాలకు కారణం 'లబ్ధిదారుల నిర్వహణ లోపం' అని అందులో ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ ముక్కను ఆధారం చేసుకుని ఆ ఊరి మహిళా సంఘానికి రావలసిన రెండో విడత పిల్లలను ఆపేశారు. పల్లెల్లో పశువైద్యుడిగా పనిచేసి రిటైరైన నేను ఈ నిర్ణయాన్ని ఒప్పుకోలేను. ఆ నివేదిక రాసినవారు చచ్చిన పిల్లల్లో ఒక్కదాన్నయినా కోసి చూశారా? ఒక్క పెంటనైనా మైక్రోస్కోపు కింద పెట్టారా? అవేవీ చేయకుండా, 20 పిల్లలను తీసుకుని రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉన్న ఆడవాళ్ల మీద తప్పు రాయడానికి చెయ్యెలా వచ్చింది?

నేను కోసి చూశాను. పొట్ట తెరవగానే పేగుల చివర జంటగా ఉండే గుడ్డిపేగులు, మన డాక్టర్లు సీకా అంటారే అవి, ముదురు ఎరుపులో ఉబ్బి కనిపించాయి. కత్తెరతో చీలిస్తే లోపల నెత్తురు. రెండు మూడు రోజులు జబ్బుపడి చచ్చిన వాటిలో ఆ నెత్తురు గడ్డకట్టి, గట్టి కడ్డీలా మారి ఉంది. మిగతా పేగు దాదాపు బాగానే ఉంది. ఐమీరియా టెనెల్లా అనే పరాన్నజీవి చేసే పని ఇది. కోళ్లలో కాక్సిడియోసిస్ తెచ్చే ఐమీరియా జాతులు ఏడు ఉన్నా, చిన్న పిల్లలకు ఇలా నెత్తురు విరేచనాలు తెచ్చేది ముఖ్యంగా ఇదే. ఊళ్లో మొదట అందరూ కొక్కెర తెగులే అనుకున్నారు. అదైతే పచ్చటి విరేచనం, నోరు తెరిచి ఎగశ్వాస, మెడ తిరిగిపోవడం ఉండాలి. ఇక్కడ అవేవీ లేవు. రెక్కలు వేలాడేసుకుని, ఈకలు ఉబ్బించుకుని, తురాయి పాలిపోయి మూలన నిలబడ్డ పిల్లలు, గూటి నిండా నెత్తుటి పెంట. ఇంత స్పష్టంగా కనిపించే జబ్బును గుర్తుపట్టడానికి కావలసింది ఒక కత్తెర, పది నిమిషాల ఓపిక.

ఇప్పుడు ఒక ఇంటి లెక్క చెబుతాను. ఆ ఇంటికి 28 రోజుల వయసున్న 20 పిల్లలు జూలై నెలాఖరులో వచ్చాయి. అప్పటికే ముసురు పట్టి ఉంది. పగలు పెరట్లో వదిలి, రాత్రి చెక్క గూట్లో మూసేవారు. ఆ పెరట్లో ముందునుంచీ నాటుకోళ్లున్నాయి. పెద్ద కోళ్లకు ఈ పరాన్నజీవి మీద రోగనిరోధక శక్తి ఉంటుంది కనుక జబ్బు పైకి కనిపించదు, కానీ వాటి పెంటలో దాని గుడ్లు కొద్దికొద్దిగా పడుతూనే ఉంటాయి. వాటిని ఊసిస్టులంటారు. తడి, గాలి, పాతిక ముప్పై డిగ్రీల వెచ్చదనం దొరికితే పెంటలో పడ్డ ఊసిస్టు ఒకటి రెండు రోజుల్లో ముదిరి, అంటించే శక్తి తెచ్చుకుంటుంది. వానాకాలపు పెరట్లో ఈ మూడింటికీ కొదవ లేదు. మీ పిల్లలు వచ్చిన మొదటి రెండు మూడు రోజుల్లోనే నేల గీరుతూ వాటిని మింగాయి.

మింగాక పైకేమీ తెలియదు. లోపల గుడ్డిపేగు గోడలో పరాన్నజీవి ఒక తరం, ఆపైన ఇంకో తరం పెరుగుతుంది. ఆ రెండో తరం పేగు గోడను లోతుగా చీల్చుకుని బయటపడేటప్పుడు నెత్తురు కారుతుంది. అది దాదాపు అయిదో రోజు. కాబట్టి పిల్లలొచ్చిన వారానికి ఆ ఇంట్లో ఒకటి రెండు పిల్లల పెంటలో ఎర్ర చారలు కనబడ్డాయి. ఒక పిల్ల చనిపోయింది. ప్రయాణం బడలిక, చోటు మార్పు అనుకున్నారు. అలా అనుకోవడంలో వింతేముంది? చోటు మారాక ఒకటి రెండు పిల్లలు పోవడం మామూలేనని పంపిణీ రోజున వాళ్లకు చెప్పింది మీ సిబ్బందే.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. జబ్బుపడిన ఆ ఒకటి రెండు పిల్లలు ఆరో ఏడో రోజు నుంచి కొత్త ఊసిస్టులను గూట్లో వదిలాయి. ఒక్క ఊసిస్టు మింగితే చాలు, అది పిల్ల కడుపులో పెరిగి వేల సంఖ్యలో బయటికి వస్తుంది. పెరట్లో చెదురుమదురుగా ఉన్నది ఇప్పుడు నాలుగడుగుల గూట్లో, తడిసిన ఊకలో, 20 పిల్లల కాళ్ల కింద ముద్దగా చేరింది. రెండు రోజుల్లో ముదిరింది. ఇంకో అయిదు రోజులకు, అంటే పిల్లలొచ్చిన రెండు వారాల చివర, ఒకేసారి గూడంతా ఎర్రబారింది. ఆ ఇంటావిడ నాతో అన్న మాట ఇది: "సారూ, పొద్దున గూడు తలుపు తీస్తే కాలు పెట్టను చోటు లేదు, అంతా నెత్తురే. మూడు రోజుల్లో పదకొండు పోయినయి."

ఈ లెక్క ఎందుకింత వివరంగా చెప్పానంటే, మొదటి నెత్తుటి చారకూ రెండో ఉప్పెనకూ మధ్య ఇంచుమించు ఒక వారం ఉంది. ఆ వారంలో తడి ఊక తీసి పారేసి, రోజూ గూడు గోకి, మందు నీళ్లు పెట్టి ఉంటే ఆ పదకొండులో చాలా మటుకు బతికేవి. ఆ సంగతి ఆవిడకు చెప్పవలసింది ఎవరు? పంపిణీ రోజున ఫొటో దిగి, సంతకం పెట్టించుకున్న తర్వాత మీ వాళ్లెవరైనా ఆ ఇంటి గడప తొక్కారా? మీ రికార్డులో ఆ పిల్లలన్నీ బతికే ఉన్నాయి, ఎందుకంటే మీ లెక్క చేతికిచ్చిన రోజుతో ఆగిపోయింది.

ఇక మదర్ యూనిట్లకు వస్తాను. నా అసలు అభ్యంతరం ఇక్కడే ఉంది.

పిల్లలు మీ దగ్గర నాలుగు వారాలు ఉంటాయి. ఆ నాలుగు వారాలూ స్టార్టర్ మేతలో కాక్సీ మందు కలిపి ఉంటుంది. చాలాచోట్ల డీఓటీ, అంటే డైనిటాల్మైడ్. 25 శాతం పొడి టన్ను మేతకు అరకిలో, మందు లెక్కన టన్నుకు 125 గ్రాములు. మీ షెడ్డులో నెత్తురు కనిపించదు, మరణాలు తక్కువ, మీకు రావలసిన బిల్లు వస్తుంది. బాగానే ఉంది. కానీ పిల్ల శరీరం ఐమీరియాను ఎదుర్కోవడం నేర్చుకునేది దాన్ని కొద్ది మోతాదులో మింగి, ఆ చిన్న జబ్బు నుంచి కోలుకున్నప్పుడే. ఒక్కసారి సరిపోదు. వారానికొకటి చొప్పున రెండు మూడు ఆవర్తనాలు నడవాలి, అంటే మూడు వారాల వ్యవధి కావాలి. పైగా ఒక జాతి మీద వచ్చిన శక్తి ఇంకో జాతి మీద పనిచేయదు. మందు గట్టిగా పనిచేసి పరాన్నజీవిని పూర్తిగా అణిచేస్తే పిల్లకు ఆ పాఠం అందదు. తీగల అంతస్తు మీద పెంచే యూనిట్లలోనైతే పిల్లలకూ పెంటకూ తాకిడే ఉండదు, అక్కడ పాఠం మొదలే కాదు.

అలా ఏమీ నేర్వని పిల్లను, ఈ జబ్బుకు బాగా లొంగే వయసులో, మందు కలిపిన మేతను ఒక్క రోజులో ఆపేసి, నాటుకోళ్లు తిరిగే తడి పెరట్లోకి వదులుతున్నారు. అదే పెరట్లో తల్లి వెంట తిరిగిన నాటు పిల్లలు చాలావరకు నిలదొక్కుకున్నాయి. అవి పుట్టిన వారం నుంచే విశాలమైన నేల మీద కొద్దికొద్దిగా మింగుతూ, కోలుకుంటూ వచ్చాయి. వాటిని పెంచింది కూడా అదే ఇంటావిడ, అదే నిర్వహణ. మరి లోపం నిర్వహణలో ఉందని ఎలా అంటారు?

మందు వాడొద్దని నేననడం లేదు. వేల పిల్లలను ఒక్క కప్పు కింద పెంచేవాళ్లు మందు లేకుండా నడపలేరని నాకు తెలుసు. కానీ మీరు వాడుతున్న పద్ధతి బ్రాయిలర్ షెడ్డుది. ఆరు వారాల్లో కోతకు పోయే బ్రాయిలర్‌కు చివరి వారం దాకా మందు మేత ఇస్తే చాలు, తర్వాతి జీవితం దానికి లేదు. వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి, రాజశ్రీ అలాంటివి కావు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం మొదటి మూడింటినీ, వెటర్నరీ యూనివర్సిటీ రాజశ్రీనీ రూపొందించింది పెరట్లో నెలల తరబడి బతికి గుడ్లు పెట్టడానికే. గుడ్డు పెట్టాల్సిన పక్షిని కోతకు పోయే పక్షి పద్ధతిలో పెంచి, ఆపైన రైతుకివ్వడం శాస్త్రం పేరుతో చేస్తున్న పొరపాటు.

దీనికి రెండు దారులు మీ ముందున్నాయి. మొదటిది టీకా. బ్రీడర్ ఫారాలవాళ్లు ఏళ్లుగా వాడుతున్న సజీవ కాక్సీ టీకా ఉంది. ఒకరోజు పిల్లల మీద చిలకరిస్తారు, లేదా మేతలోనో నీళ్లలోనో ఇస్తారు. అందులో ఉండేవి బతికున్న ఊసిస్టులే, కొలిచిన కొద్ది మోతాదులో. పిల్ల వాటిని మింగి, వారంలో కొత్తవి వదిలి, లిట్టరులో ముదిరాక వాటినే మళ్లీ మింగి శక్తి తెచ్చుకుంటుంది. అందుకే ఈ టీకా వేసిన పిల్లల మేతలో కాక్సీ మందు ఉండకూడదు. లిట్టరు కూడా ఎండి దుమ్ము లేచేలా ఉండకూడదు. పాతిక నుంచి ముప్పై శాతం తేమ ఉంటేనే ఊసిస్టులు ముదురుతాయి. ముప్పై దాటి గడ్డకడితే అతిగా ముదిరి, టీకానే జబ్బవుతుంది. అంటే టీకా వేసినవాళ్లకు ఊకను కనిపెట్టుకుని ఉండే పని ఇంకా పెరుగుతుంది. రెండో మూడో వారంలో పిల్లలు కొంచెం మందగించవచ్చు. అప్పుడు కంగారుపడి నీళ్లలో మందు పోస్తే టీకా పని మధ్యలోనే ఆగుతుంది. గుచ్చిగుచ్చి చూసే మనిషి ఉన్న యూనిట్లే ఇది చేయగలవు. ఈ పథకానికి సరైన దారి మాత్రం ఇదేనని నా నమ్మకం.

రెండోది, టీకా కుదరని చోట మందును మార్చడం, మెల్లగా దించడం. సాలినోమైసిన్ వంటి అయోనోఫోర్ మందులు పరాన్నజీవిని పూర్తిగా తుడిచెయ్యవు, కొద్దిగా జారనిస్తాయి. ఆ జారినదే పిల్లకు పాఠం. దాన్ని టన్నుకు 60 గ్రాముల మోతాదులో మూడు వారాలు వాడి, నాలుగో వారం మీ కళ్ల ముందే మందు లేని మేతకు మార్చి, రోజూ పెంట చూసుకోండి. నెత్తురు వస్తే మీ షెడ్డులో, మీ డాక్టరు ఉండగా రావాలి. అక్కడైతే పట్టుకోగలరు. ఆ వారంలో పోయే పిల్లల నష్టం భరించడం ఇష్టం లేకనే కదా చివరి రోజు దాకా మందు మేత పెట్టి, ఆ నష్టాన్ని పల్లెకు తోసేస్తున్నారు?

పల్లెటూరి కోళ్ల యూనిట్లకు జాతీయ పశుసంపద మిషన్ కింద పెట్టుబడిలో సగం, 25 లక్షల రూపాయల దాకా ప్రజల సొమ్ము సబ్సిడీగా వస్తోంది. పిల్లలను నాలుగు వారాల దాకా పెంచడం దాని షరతుల్లో ఉంది. నాలుగు వారాలు బతికించామన్నది మాత్రమే కొలమానమైతే, అయిదో వారం బతకలేని పిల్లకు సబ్సిడీ ఎందుకివ్వాలి?

లిట్టరు గురించి కూడా మీ యూనిట్లలో చూసింది చెప్పాలి. వానాకాలం రాత్రుళ్లు జల్లు పడుతుందని పరదాలు పైదాకా కట్టేస్తున్నారు. గాలి ఆగి, పిల్లల ఊపిరి తడి, పెంట తడి, బెల్ డ్రింకర్ల కింద ఒలికిన తడి అంతా ఊకలోనే ఉండిపోతుంది. పొద్దున్నే లోపలికి అడుగుపెట్టగానే కళ్లు మండాయంటే అమ్మోనియా చేరిందన్నమాట. పరదాను పైభాగంలో అడుగు మేర ఎప్పుడూ తెరిచి ఉంచాలి. జల్లు ఆపడానికి చూరు ముందుకు పెంచుకోవాలి. డ్రింకర్ల అంచు పిల్లల వీపు ఎత్తుకు వచ్చేలా వారానికి రెండుసార్లయినా పైకి జరపాలి. తేమ చూడటానికి యంత్రం అక్కర్లేదు. గుప్పెడు ఊక తీసి పిడికిట్లో గట్టిగా నొక్కి వదలండి. ఉండలా అలాగే నిలిచిందంటే తడి మీరింది. నిలిచి మెల్లగా విచ్చుకుంటే సరిగ్గా ఉంది. అసలు కలవకుండా రాలిపోతే ఎండిపోయింది. ఉండ కట్టే చోట్ల ఊకను తిరగేస్తే చాలదు, తీసి బయట పారేసి కొత్తది వేయాలి. తిరగేస్తే తడి అడుగుకు పోతుంది, రెండు రోజుల్లో మళ్లీ పైకి వస్తుంది. ఇక బ్లీచింగు, ఫినాయిలు చల్లి శుభ్రం చేశామని రిజిస్టరులో రాస్తున్నారే, ఊసిస్టు గోడను ఆ రెండూ ఏమీ చేయలేవు. దాన్ని చంపేవి మరిగే నీళ్ల వేడి, గాఢమైన అమ్మోనియా, బాగా ఎండిపోవడం. బ్యాచ్ దించాక ఖాళీ గచ్చును ఎండకు వదలాలి. వానాకాలంలో ఆ ఎండ దొరకదు గనుకనే బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ మధ్య విరామం పెంచాలి. మీరు పంపిణీ లక్ష్యం కోసం విరామం తగ్గిస్తున్నారు.

పంపిణీ అధికారులను అడుగుతున్నాను. పిల్లలతోపాటు ఆ ఇంటికి మీరేమిస్తున్నారు? ఏ మందు కలిపిన మేత ఏ రోజు దాకా తిన్నాయో చెప్పే చీటీ ఇవ్వడం లేదు. అది లేకుండా రేపు జబ్బు వస్తే ఏ మందు ఇవ్వాలో మండల డాక్టరుకు ఎలా తెలుస్తుంది? మందూ ఇవ్వడం లేదు. 20 పిల్లలు అయిదో వారంలో రోజుకు రెండు లీటర్ల నీళ్లు తాగుతాయనుకుందాం. నెత్తురు మొదలైతే 20 శాతం ఆంప్రోలియం పొడి లీటరుకు 1.2 గ్రాముల చొప్పున అయిదు రోజులు ఇస్తే 12 గ్రాములు. తర్వాత పది రోజులు నాలుగో వంతు మోతాదులో ఇంకో 6 గ్రాములు. మొత్తం కలిపి ఒక కుటుంబానికి 18 గ్రాముల పొడి. ఇది ఒక పొట్లంలో కట్టి, వాడే తీరు తెలుగులో రాసి ఇవ్వడానికి మీ బడ్జెట్‌లో చోటు లేదా?

మందు ఇచ్చినా చెప్పవలసినవి ఇంకొన్ని ఉన్నాయి, చెప్పకపోతే అది పనిచేయదు. జబ్బు పిల్ల మేత ముట్టదు, నీళ్లు మాత్రం తాగుతుంది. అందుకే మందు నీళ్లలోనే ఇవ్వాలి. పెరట్లో గుంటల నీళ్లుంటే పిల్లలు మందు పళ్లెం వైపు పోవు కనుక ఆ అయిదు రోజులూ పిల్లలను కట్టడిలో ఉంచాలి. మందుతోపాటు బీ కాంప్లెక్స్ టానిక్ పోయకూడదు. ఆంప్రోలియం పనిచేసేది పరాన్నజీవికి బీ1 అందకుండా చేయడం ద్వారానే, టానిక్‌లోని బీ1 ఆ పనిని చెడగొడుతుంది. నెత్తురు పోయి నీరసించాయని జాలిపడి మందుల షాపుల వాళ్లు ఈ రెండూ కలిపి అంటగట్టడం నేను చూస్తూనే ఉన్నాను. టానిక్ ఇవ్వాలనుకుంటే మందు కోర్సు అయ్యాక ఇవ్వాలి. ఈలోగా విటమిన్ కె, ఎ ఇచ్చుకోవచ్చు. చివరిగా, గూట్లోని పెంటను రోజూ తీసెయ్యాలి. ఊసిస్టు ముదరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది కదా, ముదరకముందే అది గూడు దాటిపోతే గొలుసు అక్కడే తెగుతుంది. ఆ ఆడవాళ్లకు రోజూ గూడు ఊడవడం బరువేం కాదు. ఎందుకు ఊడవాలో చెప్పినవాళ్లే లేరు.

జూలై నుంచి సెప్టెంబరు దాకా పంపిణీ మానేయండని కూడా అడుగుతున్నాను. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నేల పొడిగా ఉంటుంది, ఊసిస్టులకు తడి తక్కువ. అప్పుడిచ్చిన పిల్లలు వాన మొదలయ్యేసరికి పెద్దవై, కావలసిన శక్తి తెచ్చుకుని ఉంటాయి. నిధులు వచ్చిన నెలను బట్టి కాకుండా నేల ఆరిన నెలను బట్టి పిల్లలను దించడం మీ చేతుల్లో లేని పనా?

ఆ ఊరి రెండో విడతను ఆపిన ఉత్తర్వును వెనక్కి తీసుకోండి. ఆ పిల్లలను ఈసారి నవంబరులో, మందు చీటీతో, 18 గ్రాముల పొట్లంతో ఇవ్వండి. ఇచ్చిన వారానికి ఒకసారి, రెండో వారం చివర ఇంకొకసారి మీ సిబ్బంది ఒకరు ఆ ఇళ్లకు వెళ్లి గూటి పెంట చూసి రావాలి. చచ్చిన పిల్ల ఉంటే కోసి చూసి, ఏం కనిపించిందో రాయాలి. ఆ కాగితాల నకళ్లు మహిళా సంఘానికి ఇవ్వాలి. తర్వాత మరణాలు జరిగితే బాధ్యత ఎవరిదో ఆ కాగితాలు పెట్టుకుని మాట్లాడుకుందాం. నివేదికలో ఆ ఆడవాళ్ల మీద రాసిన వాక్యాన్ని మాత్రం అంతవరకు ఆగకుండా, ఇప్పుడే కొట్టేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత పశువైద్యుడు